పచ్చని పైకప్పు ఎన్ని డిగ్రీలు తగ్గిస్తుంది? హైదరాబాద్ డాబా మీద నాలుగు పెట్టెల ప్రయోగం

ఫైనలియర్ సివిల్ విద్యార్థుల బృందం ఒకటి తమ ప్రాజెక్టు ప్లాన్‌తో నా దగ్గరకు వచ్చింది. ప్లాన్ సులువుగానే ఉంది. రెండు ప్లైవుడ్ పెట్టెలు చేస్తారు. ఒకదాని మీద సిమెంట్ పలక, రెండోదాని మీద అదే పలక, దానిపైన మట్టి, మొక్కలు. లోపల ఒక్కో థర్మామీటర్. మధ్యాహ్నం రెండింటి మధ్య ఎన్ని డిగ్రీల తేడా వస్తే, "గ్రీన్ రూఫ్ గది ఉష్ణోగ్రతను అంత తగ్గిస్తుంది" అని రిపోర్టులో రాస్తారు. చాలా కాలేజీల్లో ఈ ప్రాజెక్టు ఇలాగే జరుగుతుంది.

భవనాల్లో వేడి ఎలా కదులుతుందన్నదే నా పని కాబట్టి వాళ్లను ఒకే ఒక్కటి అడిగాను. ఆ పెట్టెలోకి వచ్చే వేడిలో పైకప్పు నుంచి వచ్చేది ఎంత? ఆ జవాబు తెలియకుండా పెట్టెలోని డిగ్రీల తేడాకు అర్థం లేదు. ఈ కేస్ అంతా ఆ ప్రశ్న చుట్టూ నడిచింది.

ముందు కాగితం మీద పెట్టె

పెట్టె లోపలి కొలత అన్ని వైపులా 50 సెంటీమీటర్లు అనుకుందాం. పైకప్పు విస్తీర్ణం పావు చదరపు మీటరు. నాలుగు గోడలు, అడుగు కలిపితే ఒకటింపావు చదరపు మీటర్లు, అంటే పైకప్పుకు అయిదు రెట్లు. నిజమైన ఇంట్లో కన్నా చిన్న పెట్టెలో గోడల పెత్తనం చాలా ఎక్కువ.

పైకప్పుగా 30 మిల్లీమీటర్ల కాంక్రీటు పలక పెట్టాం. కాంక్రీటు ఉష్ణవాహకత 1.58 తీసుకుంటే పలక అడ్డుపడేది నామమాత్రమే. లోపలా బయటా గాలి పొరల నిరోధాన్ని కలుపుకొంటే పైకప్పు యూ-విలువ, అంటే ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా దాటే వేడి, సుమారు 4.3 వాట్లు వస్తుంది. పావు చదరపు మీటరుకు అది డిగ్రీకి 1.08 వాట్లు. గోడలు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే వాటి యూ-విలువ దాదాపు 3.9. ఒకటింపావు చదరపు మీటర్లకు డిగ్రీకి 4.9 వాట్లు. పైకప్పు వాటా ఎంత?

```
1.08 / (1.08 + 4.9) = 0.18
```

పెట్టె లోపలి ఉష్ణోగ్రతను నిర్ణయించడంలో పైకప్పుకు ఉన్నది 18 శాతం మాటే. మిగతాదంతా గోడలు చెప్పినట్టు నడుస్తుంది. అదే ప్లైవుడ్‌కు బయట 50 మిల్లీమీటర్ల థర్మకోల్ అంటిస్తే గోడల యూ-విలువ 0.59కి పడిపోతుంది. గోడలు, అడుగు కలిపి డిగ్రీకి 0.74 వాట్లే. అప్పుడు పైకప్పు వాటా 59 శాతం అవుతుంది. థర్మకోల్ 100 మిల్లీమీటర్లు చేస్తే 73 శాతం దాకా వెళ్తుంది.

దీనివల్ల ఫలితం ఎంత మారుతుందో కూడా కాగితం మీదే చూడవచ్చు. ఎండలో ఉన్న పలక తన చుట్టూ ఉన్న గాలి కన్నా చాలా వేడైన గాలిలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఆ లెక్కకు వాడేది సోల్-ఎయిర్ ఉష్ణోగ్రత.

```
T_sa = T_o + (a × I / h_o) - 3
```

ఇందులో `T_o` బయటి గాలి, `a` ఉపరితలం ఎండను పీల్చుకునే భాగం, `I` ఎండ తీవ్రత, `h_o` బయటి గాలి పొర విలువ. చివరి 3 ఆకాశానికి పోయే వేడికి వేసిన సుమారు తగ్గింపు. బయట 39 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 900 వాట్లు, పాత కాంక్రీటు పీల్చుకునేది 0.7, `h_o` 22 అనుకుంటే 64 నుంచి 65 డిగ్రీలు వస్తుంది. తడిమట్టి, మొక్కలు ఉన్న పైకప్పు ఉపరితలం అదే ఎండలో 36 దగ్గర ఉందనుకుందాం. తెల్లరంగు వేసిన గోడల బయటి ఉష్ణోగ్రత 40. ఎండ ఇలాగే నిలకడగా ఉంటుందనుకొని లెక్క కడితే, ఉత్త ప్లైవుడ్ పెట్టెలో రెండు పైకప్పుల మధ్య తేడా 5 డిగ్రీలు. థర్మకోల్ చుట్టిన పెట్టెలో 16 డిగ్రీల పైమాటే. మట్టి అదే, మొక్కలు అవే, ఎండ అదే. మారింది గోడ ఒక్కటే.

"అయితే సార్, ఏది కరెక్టు?" అని అడిగిందొక అమ్మాయి. రెండూ కరెక్టే, ఎందుకంటే రెండూ ఆయా పెట్టెల గురించి చెబుతున్నాయి. పైకప్పు గురించి చెప్పేది పెట్టెలోని గాలి ఉష్ణోగ్రత కాదు, పైకప్పు గుండా దిగే వేడి, పలక అడుగుభాగం ఉష్ణోగ్రత. అందుకే ప్రయోగాన్ని వాటిని కొలిచేలా మార్చి, పెట్టెలకు 50 మిల్లీమీటర్ల థర్మకోల్ చుట్టాం. గాలి ఉష్ణోగ్రతనూ నమోదు చేశాం కానీ దానికి రెండో స్థానమే ఇచ్చాం.

నాలుగు పెట్టెలు ఎందుకు

రెండు పెట్టెలు సరిపోవు. మొక్కలున్న పెట్టె చల్లగా ఉంటే ఆ ఘనత మొక్కలదా, మట్టిదా, మట్టిలోని నీళ్లదా, లేక నీడదా అన్నది రెండు పెట్టెలు ఎప్పటికీ చెప్పలేవు. మూడో పెట్టె మీద అదే లోతు మట్టి పోసి, అదే పరిమాణంలో నీళ్లు పోసి, మొక్కలు మాత్రం నాటకుండా వదిలేశాం. నాలుగోదాని పలకకు సున్నం కొట్టాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పటి నుంచి ఇక్కడ పచ్చని పైకప్పుకు అసలు పోటీ ఉత్త కాంక్రీటు కాదు, తెల్లని పైకప్పు. పోటీదారును పక్కన పెట్టి గెలిచామని రాయడం న్యాయం కాదు.

పలకలు నాలుగూ ఒకే రోజు, ఒకే కాంక్రీటు మిశ్రమంతో, లోపల చికెన్ మెష్ వేసి పోశాం. ఒక్కోటి 60 సెంటీమీటర్ల చదరం. పెట్టె లోపలి కొలత కన్నా ప్రతి వైపూ కొంత ఎక్కువ ఉండటం వల్ల అంచుల వేడి నేరుగా లోపలికి దిగదు. పలకకూ పెట్టెకూ మధ్య కిటికీలకు వాడే స్పాంజి పట్టీ పెట్టాం. గాలి చొరబడే సందు ఒక పెట్టెలో ఎక్కువ, ఇంకో పెట్టెలో తక్కువ ఉంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

మట్టిని జింక్ రేకు ట్రేలో పెట్టాం. అడుగున 3 సెంటీమీటర్ల ఇటుక ముక్కలు, దానిపైన జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన 10 సెంటీమీటర్ల మట్టి మిశ్రమం. మిశ్రమంలో ఘనపరిమాణం లెక్కన నాలుగు పాళ్లు చిన్న ఇటుక రజను, మూడు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్ట్. ఉత్త ఎర్రమట్టి వేస్తే నాలుగు తడులకే గట్టిపడి నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. నల్లరేగడి అయితే ఎండలో నెర్రెలు విచ్చి, ఆ పగుళ్లలోంచి ఎండ నేరుగా కిందికి దిగుతుంది.

ట్రే విషయంలో ఒక చిక్కు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ట్రేను పలక మీద ఊరికే పెడితే రేకు అడుగు ఎక్కడో ఒకచోట లేచి సన్నటి గాలి సందు మిగులుతుంది. 5 మిల్లీమీటర్ల గాలి పొర నిరోధం సుమారు 0.11. 10 సెంటీమీటర్ల తడిమట్టి నిరోధమూ దాదాపు అంతే. అంటే కనిపించని ఆ సందు మొత్తం మట్టి చేసే పనంత పని చేసేస్తుంది, మనం దాన్ని మొక్కల ఖాతాలో రాసేస్తాం. అందుకని పలక మీద జల్లించిన సన్న ఇసుకను పలచగా పరిచి, చెక్కతో చదును చేసి, ట్రేను దానిలో కూర్చోబెట్టాం. ట్రేను తీసి తూచిన ప్రతిసారీ ఆ ఇసుకను మళ్లీ సరిచేయాల్సిందే.

మొక్కగా గంగవాయిలి కూరను ఎంచుకున్నాం. కొన్ని జిల్లాల్లో గంగపాయల అంటారు. మన ఎండల్లో ఎవరూ నాటకుండానే బతికే మొక్క, నేలమీద పరుచుకుంటుంది, వేళ్లు లోతుకు పోవు. మధ్యమధ్య గరిక కూడా పెట్టాం. ఆకులు నేలను పూర్తిగా కప్పేదాకా కొలతలు మొదలుపెట్టలేదు. సగం కప్పిన ట్రేను కొలిస్తే సగం ఉత్త మట్టినే కొలిచినట్టు.

సెన్సర్లు అబద్ధం చెప్పే చోట్లు

ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 సెన్సర్లు వాడాం. స్టీలు గొట్టంలో, వైరుతో సహా దొరుకుతాయి, ఒకే వైరు మీద పది పెట్టినా ఒక్కోదాని చిరునామా వేరుగా ఉంటుంది. ఆర్డుయినో, సమయం కోసం చిన్న గడియారం మాడ్యూల్, ఎస్‌డీ కార్డు ఉంటే లాగర్ తయారు. పది నిమిషాలకోసారి రీడింగ్ చాలు.

తయారీదారు చెప్పే ఖచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ. మార్కెట్లో నకిలీవీ చాలా తిరుగుతున్నాయి, అవి ఎంత తప్పుతాయో చెప్పలేం. అందుకే అన్ని సెన్సర్లనూ కట్టగట్టి ఒకసారి నలగ్గొట్టిన మంచు, నీళ్లు కలిపిన థర్మాస్‌లో, ఇంకోసారి 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ముంచి, ఒక్కోటి మిగతావాటికి ఎంత దూరంలో ఉందో రాసుకున్నాం. మంచు నీళ్లలో అన్నీ సున్నా చూపాలి. ఈ సవరణ చేశాక సెన్సర్ల మధ్య తేడా 0.1, 0.2 డిగ్రీలకు దిగింది. ఇది ఎందుకంత ముఖ్యమో ఫలితాల దగ్గర తెలుస్తుంది, అక్కడ ఒక డిగ్రీలోపు తేడా మీదే ఒక పెద్ద మాట ఆధారపడి ఉంది.

ఇంకో ఉచ్చు ఉంది. ఈ సెన్సర్‌కు కరెంటు సరిగా అందకపోయినా, కరెంటు ఇచ్చాక మొదటి కొలత పూర్తికాకముందే చదివినా 85 డిగ్రీలు అని చూపిస్తుంది. వైరు ఊడితే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. మైనస్ 127ను ఎవరైనా తప్పని గుర్తుపడతారు. కానీ ఎండలో మాడే పైకప్పు ప్రాజెక్టులో 85 అన్న అంకె నిజమేనేమో అనిపిస్తుంది. అలాంటివి పది చేరితే సగటు చెడిపోతుంది. ప్రోగ్రాములోనే వాటిని ఆపాలి:

```cpp
float t = sensors.getTempC(addr[i]);
if (t == DEVICE_DISCONNECTED_C || t == 85.0) t = NAN;
file.print(t, 2);
```

ఒక్కో పెట్టెలో రెండు సెన్సర్లు. ఒకటి పలక అడుగున థర్మల్ పేస్టు రాసి, అల్యూమినియం టేపుతో అంటించింది, కింద చిన్న థర్మకోల్ ముక్కతో కప్పింది. రెండోది పెట్టె నడిమధ్యలో వేలాడేది. వేలాడే సెన్సర్‌ను అలాగే వదిలేస్తే పైనున్న వేడి పలక నుంచి వచ్చే కిరణాల వేడిని అది పీల్చుకొని గాలి కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఈ తప్పు నాలుగు పెట్టెల్లో సమానంగా ఉండదు. వేడి పలక ఉన్న పెట్టెలోనే ఎక్కువ, కాబట్టి తేడా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. రెండు వైపులా తెరిచిన అల్యూమినియం రేకు గొట్టంలో సెన్సర్‌ను ఉంచితే ఈ బాధ చాలావరకు పోతుంది. బయటి గాలికి కూడా ఇదే సూత్రం. ఎండ తగలని, గాలి ఆడే చోట తెల్లటి ప్లాస్టిక్ పళ్లేలను బోర్లించి ఒకదానిమీద ఒకటి సందుతో పేర్చి, మధ్యలో సెన్సర్ పెట్టాం.

ఏ మొక్కా లేని రోజులు

ట్రేలు ఎక్కించకముందు నాలుగు పెట్టెలనూ ఉత్త పలకలతోనే ఎండలో ఉంచి నమోదు చేశాం. సున్నం కూడా ఈ దశ అయ్యాకే కొట్టాం. నాలుగూ ఒకేలా తయారైనా నాలుగూ ఒకేలా ప్రవర్తించలేదు. పిట్టగోడకు దగ్గరగా ఉన్న పెట్టె మధ్యాహ్నం మిగతావాటి కన్నా దాదాపు ఒక డిగ్రీ వేడిగా ఉంది. పిట్టగోడ ఎండను తిప్పికొట్టడం, అటువైపు గాలి ఆడకపోవడం కారణాలు. పెట్టెలను డాబా మధ్యకు జరిపాక ఆ తేడా మూడో వంతుకు తగ్గింది. మిగిలినదాన్ని పెట్టె వారీ సవరణగా రాసుకున్నాం. తర్వాత ప్రయోగం నడిమధ్యలో ట్రేలను పెట్టెల మధ్య మార్చి, చల్లదనం ట్రేతో పాటు కదులుతుందా, పెట్టెతోనే ఉండిపోతుందా అని చూశాం. ట్రేతో పాటే కదిలింది. నా దృష్టిలో మొత్తం రిపోర్టులో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే.

నీళ్లు పోసిన మరుసటి రోజు

ఏప్రిల్‌లో మబ్బు లేని ఒక రోజు అంకెలు ఇవి. బయటి గాలి గరిష్ఠం 39 డిగ్రీలు. ముందురోజు సాయంత్రం రెండు ట్రేలకూ సమానంగా నీళ్లు పోశాం.

ఉత్త పలక అడుగుభాగం మధ్యాహ్నం 57 డిగ్రీలకు చేరింది, పెట్టెలో గాలి 49కి. సున్నం కొట్టిన పలక అడుగు 45, లోపలి గాలి 42. ఉత్త మట్టి ఉన్న పెట్టెలో పలక అడుగు 37.6, గాలి 38. మొక్కల పెట్టెలో పలక అడుగు 36.5, గాలి 37.3.

ఉత్త కాంక్రీటుతో పోలిస్తే మొక్కల పెట్టె గాలి 12 డిగ్రీలు చల్లగా ఉంది. విద్యార్థుల మొదటి ప్లాన్‌లో ఇదే ముగింపు అయ్యేది. కానీ నాలుగు పెట్టెలు ఉన్నాయి కాబట్టి ఈ 12ను విడదీయవచ్చు. సున్నం ఒక్కటే 7 డిగ్రీలు తెచ్చింది. తడిమట్టి, మొక్క లేకుండానే, 11 తెచ్చింది. మొక్కలు అదనంగా ఇచ్చింది ఆ రోజు ఒక డిగ్రీ కన్నా తక్కువ.

విద్యార్థులు నిరుత్సాహపడ్డారు. నాకైతే అంతకన్నా ఆసక్తికరమైన విషయం పలక అడుగులో కనిపించింది. ఉత్త పలక అడుగు లోపలి గాలి కన్నా 8 డిగ్రీలు వేడిగా ఉంది. వేడి కిందికి దిగేటప్పుడు లోపలి గాలి పొర విలువ సుమారు 6 కాబట్టి చదరపు మీటరుకు దాదాపు 48 వాట్లు లోపలికి దిగుతున్నాయి. మొక్కల పెట్టెలో పలక అడుగు గాలి కన్నా 0.8 డిగ్రీలు చల్లగా ఉంది. వేడి దిశే తిరగబడింది. గోడల నుంచి చొరబడిన వేడిని పైకప్పు పైకి లాగేస్తోంది. వేడి పైకి పోయేటప్పుడు గాలి పొర విలువ 10 దాకా ఉంటుంది, అంటే చదరపు మీటరుకు సుమారు 8 వాట్లు బయటికి. గోడల వైపు నుంచి లెక్క కట్టి సరిచూశాం. గోడలు, అడుగు కలిపి డిగ్రీకి 0.74 వాట్లు, గోడల బయటి 40 డిగ్రీలకూ లోపలి గాలికీ తేడా 2.7 డిగ్రీలు, వచ్చే వేడి 2 వాట్లు. పావు చదరపు మీటరు పైకప్పుకు అది చదరపు మీటరుకు 8 వాట్లే. రెండు దారుల్లో వచ్చిన లెక్క ఒకచోట కలిసింది. మంచు నీళ్లలో సెన్సర్లను సరిచేయకపోయి ఉంటే ఈ 0.8 డిగ్రీలను నమ్మే హక్కు మాకు ఉండేది కాదు.

నీళ్లు పోయని మూడో రోజు

తర్వాత రెండు ట్రేలకూ నీళ్లు ఆపేశాం. మూడో రోజుకు కథ మారింది. ఉత్త మట్టి పైపొర ఎండి పెచ్చుకట్టింది, పలక అడుగు 42 డిగ్రీలకు, లోపలి గాలి 41కి ఎక్కాయి. అంటే సున్నం కొట్టిన పెట్టెకు దాదాపు సమానం. మొక్కల పెట్టెలో పలక అడుగు 38.4, గాలి 38.3. పలక అడుగులో తేడా ఇప్పుడు మూడు డిగ్రీలకు పైనే.

ఎందుకో కాటా చెప్పింది. రోజూ పొద్దున, సాయంత్రం ట్రేలను తూచాం. తగ్గిన బరువంతా ఆవిరైన నీరే, ఎందుకంటే ట్రే నుంచి కారే నీళ్లు మొదటి రాత్రికే ఆగిపోయాయి. నీళ్లు పోసిన మరుసటి రోజు మొక్కల ట్రే కిలోన్నర, ఉత్త మట్టి ట్రే 1.4 కిలోలు తగ్గాయి. మూడో రోజు మొక్కల ట్రే 0.9 కిలోలు తగ్గితే ఉత్త మట్టి ట్రే 0.4 మాత్రమే. తడిగా ఉన్నప్పుడు మట్టే తనంతట తాను మొక్కకు దీటుగా నీటిని ఆవిరి చేస్తుంది. పైపొర ఎండాక మట్టి అడుగునున్న తడి పైకి రాలేదు. మొక్క వేళ్లతో దాన్ని లాగి ఆకుల ద్వారా వదులుతుంది, పైగా మట్టికి నీడ పడుతుంది. మొక్కల విలువ తడి తగ్గినప్పుడే బయటపడుతుంది.

కిలోన్నర నీటి విలువ ఎంతో లెక్క కడదాం. ఈ ఉష్ణోగ్రతల్లో ఒక కిలో నీరు ఆవిరి కావడానికి 2.43 మెగాజౌళ్లు కావాలి. కిలోన్నరకు 3.65. ట్రే విస్తీర్ణం 0.36 చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకు 10 మెగాజౌళ్లు, అంటే 2.8 యూనిట్లు. నడివేసవిలో చదరపు మీటరు మీద రోజంతా పడే ఎండ ఆరు, ఆరున్నర యూనిట్లు ఉంటుంది. అందులో నలభై శాతానికి పైగా నీరే ఎత్తుకెళ్లింది. పచ్చని పైకప్పు చల్లదనంలో పెద్ద భాగం నీటిదేనని ఈ లెక్క సూటిగా చెబుతుంది.

గంగవాయిలిలో ఇంకో విశేషం ఉంది. నీరు బాగా తగ్గితే ఈ మొక్క తన పద్ధతి మార్చుకొని పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, రాత్రి తెరుస్తుంది. బతకడానికి అది మంచి ఉపాయం, చల్లదనానికి మాత్రం చేటు. ఎండను తట్టుకునే మొక్క, ఇంటిని చల్లబరిచే మొక్క ఒకటే కావాలని లేదు. మొక్కల ఎంపిక మీద ప్రాజెక్టు చేయాలనుకునేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. రెండు జాతులు, ఒకే మట్టి, ఒకే నీరు, ఒక కాటా ఉంటే చాలు.

రాత్రి అంకెలను దాచవద్దు

తెల్లవారుజామున బయట 25 డిగ్రీలు. ఉత్త పలక పెట్టెలోనూ 25. మొక్కల పెట్టెలో 27.6. ఉత్త పలక రాత్రంతా ఆకాశానికి వేడిని వదిలి చల్లబడింది, మట్టి పొర ఆ దారిని మూసేసింది. మధ్యాహ్నం తేడా ఒక్కటే గ్రాఫులో పెట్టి ఈ భాగాన్ని వదిలేస్తే అది సగం నిజమే.

అయితే దీన్ని నేరుగా ఇంటికి అన్వయించడమూ పొరపాటే. మోడల్ పలక మందం 30 మిల్లీమీటర్లు. వేడి దాన్ని దాటడానికి ముప్పావు గంట చాలు. ఇంటి శ్లాబు మందం 120 నుంచి 150 మిల్లీమీటర్లు, అక్కడ వేడి మూడు నాలుగు గంటలు ఆలస్యంగా దిగుతుంది. మన ఇళ్లలో రాత్రి తొమ్మిదింటికి కూడా సీలింగు కాలుతూ ఉండేది అందుకే. అలాంటి శ్లాబు మీద మట్టి ఉంటే పగలు శ్లాబులోకి వేడి చేరనే చేరదు కాబట్టి రాత్రి తొలి గంటల్లోనూ లాభమే ఉండాలి. ఆ సంగతిని పలచని పలక ఉన్న పెట్టె చూపలేదు. కొలతలను అయిదో వంతుకు కుదించవచ్చు కానీ కాలాన్ని దానితో పాటు కుదించలేం. సూర్యుడు 24 గంటలకే తిరిగొస్తాడు. రాత్రి ప్రవర్తన తెలుసుకోవాలంటే పలక అసలు మందంలోనే ఉండాలి. 60 సెంటీమీటర్ల చదరంలో 120 మిల్లీమీటర్ల పలక బరువు దాదాపు 104 కిలోలు, నలుగురు మోయగలరు. తర్వాతి బ్యాచ్ దీన్నే చేయాలని నిర్ణయించుకుంది.

రిపోర్టులో ఏం రాశారు

పది నిమిషాలకొక రీడింగ్ చొప్పున రోజుకు 144 అంకెలు వస్తాయి. వాటిని 144 సాక్ష్యాలుగా లెక్కించి గణాంక పరీక్ష పెడితే ఏ చిన్న తేడా అయినా ఖాయంగా తేలుతుంది. పదింటికి వేడిగా ఉన్న పెట్టె పదీ పదికీ వేడిగానే ఉంటుంది, అది కొత్త సమాచారం కాదు. ఒక రోజు అంటే ఒక సాక్ష్యం. అందుకని ఒక్కో రోజుకు ఒక్కో పెట్టె నుంచి రెండే అంకెలు తీశారు: పలక అడుగు గరిష్ఠం, 30 డిగ్రీలు దాటిన డిగ్రీ-గంటల మొత్తం. మబ్బు పట్టిన రోజులను తీసేయకుండా విడి గుంపుగా చూపించారు.

ముగింపులో "గది ఉష్ణోగ్రత 12 డిగ్రీలు తగ్గింది" అన్న వాక్యం లేదు. దాని బదులు, ఏప్రిల్ ఎండలో తడిగా ఉన్న 10 సెంటీమీటర్ల పచ్చని పైకప్పు, 30 మిల్లీమీటర్ల పలక అడుగు గరిష్ఠ ఉష్ణోగ్రతను 57 నుంచి 36.5కు దించిందనీ, లోపలికి దిగే వేడిని ఆపి దిశ మార్చిందనీ, ఇందులో ఎక్కువ భాగం నీటి ఆవిరి వల్లేననీ రాశారు. కిటికీలు తెరిచి ఉన్న మామూలు గది ఒకటి, మూడు మీటర్లు నాలుగు మీటర్లది, తీసుకొని అదే రకం లెక్క వేశారు. ఇటుక గోడలు, గాలి రాకపోకలు కలిపితే ఆ గదిలో పైకప్పు వాటా పావు వంతు దగ్గర తేలింది, పెట్టెలోలా 59 శాతం కాదు. పెట్టెలో వచ్చిన తేడా గదిలో ఎందుకు రాదో ఆ ఒక్క పేజీ చెబుతుంది. సీలింగు వేడి తగ్గితే గాలి ఉష్ణోగ్రత పెద్దగా మారకపోయినా కింద కూర్చున్న మనిషికి హాయిగా ఉంటుంది. తల మీదికి కొట్టే వేడి కిరణాలు తగ్గుతాయి కనుక.

వైవాలో ఇద్దరు ఎగ్జామినర్లు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది బరువు. తడిసిన ట్రే 60 కిలోలు, అంటే చదరపు మీటరుకు 1.6 కిలోన్యూటన్లు. భవనాల మీద బరువులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం, మనుషులు ఎక్కే చదును పైకప్పుకు ఇచ్చే లైవ్ లోడే 1.5. మట్టి బరువు ఆ లైవ్ లోడ్‌లో ఇమిడేది కాదు, దానికి అదనంగా శాశ్వతంగా ఉండే డెడ్ లోడ్. పాత ఇంటి శ్లాబు మీద స్ట్రక్చరల్ లెక్క చూడకుండా ఇది పెట్టకూడదని విద్యార్థులు రాశారు.

రెండోది నీళ్లు. రోజుకు చదరపు మీటరుకు నాలుగు లీటర్లు, వంద చదరపు మీటర్ల డాబాకు 400 లీటర్లు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే వేసవిలో ఆ నీళ్లు ఎక్కడివి? వంటింటి, స్నానాల గది నీటిని వడకట్టి వాడే ఏర్పాటు ఉన్న ఇంటికి, శ్లాబు మోయగలిగితే, పచ్చని పైకప్పు సరిపోతుందని, ఆ రెండూ లేని ఇంటికి సున్నమే మేలని విద్యార్థులు జవాబిచ్చారు. సున్నం దుమ్ము పట్టి నల్లబడితే మళ్లీ కొట్టాల్సిందేనని, ఆ ఖర్చు కూడా పోలికలో పెట్టామని పట్టిక చూపించారు.